కొట్టివేయని వాక్యం

మందుల షాపాయనకు బ్యాంకు లోను ఇవ్వనందని తెలిసిన రోజు, తాళాలాయన ఆఫీసులో పొద్దుటి పూటే ఫోను పదకొండుసార్లు మోగింది. పదకొండుసార్లూ ఎత్తింది ఆయన మరదలే. బ్యాంకు వాళ్ళు ఒకసారి, మందుల షాపాయన రెండుసార్లు, మిగతా ఎనిమిదిసార్లూ టీచరమ్మ.

తాళాలాయన ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు. అమ్మకానికొచ్చిన ఖాళీ ఇళ్ళ తాళాలన్నీ ఒకే గుత్తికి తగిలించి నడుముకు వేలాడదీసుకుంటాడు గనుక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆయన వస్తున్నాడంటే మనిషికంటే ముందు చప్పుడొస్తుంది. "మా ఆయన దొంగగా పుట్టుంటే మొదటి రోజే దొరికిపోయేవాడు" అని ఆయన భార్యే అంటుంది.

మరదలంటే తమ్ముడి భార్య. ఇంట్లోవాళ్ళకు చిన్నకోడలు. తొమ్మిదో తరగతి సగంలో బడి మాన్పించారు గానీ, చేతిరాత మాత్రం అచ్చు గుద్దినట్టుంటుంది. భర్త దూరాల బస్సు నడుపుతాడు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. బావగారి ఇంటి మేడమీది గదిలో ఆమే, మూడేళ్ళ కూతురూ ఉంటారు. అద్దె అడిగిన పాపాన పోలేదు బావగారు. పైగా ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుందని ఆఫీసులో పని కూడా ఇచ్చాడు. ఇళ్ళు అమ్మేవాళ్ళతో రాసుకునే కమీషన్ ఒప్పందాలు నింపడం ఆమె పని. కూతుర్ని వెంట తెచ్చుకుంటుంది. ఒక్కచోట నిలవదు కాబట్టి ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక గూడు ఆఫీసు బల్ల కింద.

ఆ ఒప్పందం కాగితం ఆమెకు కంఠతా వచ్చు. అచ్చేసిన ఫారం అది. ఖాళీలు నింపితే చాలు. మొదటి షరతు కమీషన్: అమ్మిన ధరలో నూటికి రెండు. రెండోది గడువు: తొంభై రోజులు. ఆ తొంభై రోజుల్లో బేరం ఎవరి ద్వారా కుదిరినా, యజమాని సొంతంగా పార్టీని తెచ్చుకున్నా సరే, కమీషన్ ఈ ఏజెంటుకే చెందుతుంది. మూడో షరతులోనే అసలు తిరకాసంతా ఉంది. బేరం ఎప్పుడు పూర్తయినట్టు? అందుకు ఫారంలో రెండు వాక్యాలు అచ్చేసి ఉంటాయి. కొనేవాళ్ళు బయానా ఇచ్చి అమ్మకం అగ్రిమెంటు మీద సంతకం పెడితే పూర్తయినట్టని మొదటి వాక్యం. రిజిస్ట్రేషన్ జరిగితేనే పూర్తయినట్టని రెండో వాక్యం. ఏది కుదిరితే అది ఉంచి, మిగిలినదాన్ని గీత కొట్టి, పక్కన యజమాని చేత పొట్టి సంతకం పెట్టించాలి. ఇక నాలుగోది: గడువు తీరిపోయినా, ఏజెంటు చూపించిన మనిషే ఆరు నెలల్లోపు కొంటే కమీషన్ ఇవ్వాలి.

తాళాలాయన ఆఫీసులో ఒక పద్ధతుండేది. పేజీలన్నిటి మీదా పెద్ద సంతకాలు ముందు, గీతలు కొట్టి పొట్టి సంతకాలు తీసుకోవడం చివర. "పార్టీ మనసు మారకముందే పెద్ద సంతకం పడిపోవాలి. గీతలదేముంది, నిమిషం పని" అనేవాడు. మిగతా ఏజెంట్లు గీత కొట్టాకే సంతకం పెట్టిస్తారు. ఈయనది మాత్రం ఎదురు పద్ధతి. చిన్నకోడలు అయిదారుసార్లు అనుకుంది గానీ, బావగారికి పద్ధతులు నేర్పేంతదాన్నా అని ఊరుకుంది.

టీచరమ్మ ఒప్పందం రాసుకోవడానికి వచ్చిన రోజు ఆమెకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. టీచరమ్మ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మోకాళ్ళు పోయాయి. తన రెండంతస్తుల ఇల్లు అమ్మేసి, కింది అంతస్తులో ఒక చిన్న ఫ్లాటు కొనుక్కుందామని ఆశ. మెట్లు ఎలాగో ఎక్కొచ్చి, ఆయాసంతో ఆఫీసు గుమ్మం దగ్గరే అయిదు నిమిషాలు నిలబడిపోయింది.

"ఏజెంటు గారూ, నాకు తెలిసిన ఇళ్ళన్నీ పైనే ఉన్నాయి, మీ ఆఫీసుతో సహా. దేవుడికి మోకాళ్ళుంటే స్వర్గం కూడా కిందే కట్టుకునేవాడు" అంది.

తాళాలాయన నవ్వాడు. చిన్నకోడలు ఫారం ఒక్కో షరతూ చదివి వినిపించింది. రెండోది చదివాక టీచరమ్మ చేయి ఊపింది. "మూడు నెలలేగా. నాకు సొంతంగా ఎవరు దొరుకుతారు తల్లీ, నా విద్యార్థులంతా నా నుంచి పారిపోయినవాళ్ళే" అని ఎవరూ అడక్కుండానే అక్కడ పొట్టి సంతకం పెట్టేసింది. మూడోది విని మాత్రం కళ్ళజోడు సర్దుకుంది.

"ఈ బయానా వాక్యం నాకొద్దు. రిజిస్ట్రేషన్ కాకపోతే మీకు కమీషన్ ఎందుకివ్వాలి?"

"మీరన్నదే న్యాయం అమ్మగారూ" అన్నాడు తాళాలాయన. "అలాగే. మొదటి వాక్యం మా అమ్మాయి కొట్టేస్తుంది. మీరు సంతకాలు కానివ్వండి."

సంతకాలయ్యాయి. చిన్నకోడలు స్కేలు తీసింది. సరిగ్గా అప్పుడే బల్ల కింద ఏదో వింత శబ్దం. ఏడుపు కాదు, దగ్గు కాదు. వంగి చూస్తే పిచ్చుక ముఖం నల్లబడిపోయి ఉంది. గొంతులో ఏదో సీసా మూత ఇరుక్కుంది. చిన్నకోడలు చేతులు చచ్చుబడిపోయాయి. తాళాలాయన "నీళ్ళు, నీళ్ళు" అని అరుస్తున్నాడే తప్ప కదలలేదు. మోకాళ్ళు లేని టీచరమ్మే కుర్చీలోంచి ఎలా లేచిందో లేచింది. పిల్లను లాగి, ముంచేతి మీద బోర్లా వేసుకుని, వీపు మీద ఫెళ్ళున నాలుగు చరిచింది. మూత వచ్చి నేల మీద పడింది. తర్వాత వచ్చిన ఏడుపంత తియ్యటి ఏడుపు చిన్నకోడలు మళ్ళీ వినలేదు.

ఆ కంగారులో కాగితాలు ఎవరు కవర్లో పెట్టారో, ఎవరి ప్రతి ఎవరికి ఇచ్చారో ఆమెకు తెలీదు. తల్లి పిల్లను హత్తుకుని కూర్చుంటే, టీచరమ్మ రొప్పుతూ కవరు తీసుకుని వెళ్ళిపోయింది. గీత కొట్టలేదు. రెండు ప్రతుల్లోనూ రెండు వాక్యాలూ మిగిలిపోయాయి.

తాళాలాయన గట్టిగానే తిరిగాడు. ఇల్లు చూడ్డానికి పద్నాలుగు మందిని తీసుకెళ్ళాడు. చివరికి మందుల షాపాయన ఇష్టపడి, బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాడు. లోను రాకపోతే బయానా వెనక్కివ్వాలని అందులోనే రాసుకున్నారు. ఇప్పుడు ఆ లోనే రాలేదు.

మొదట ఫోనులో టీచరమ్మ కంగారు పడింది. తను కొనుక్కోబోయే కింది ఫ్లాటుకు మిగతా డబ్బు తొమ్మిది రోజుల్లో కట్టాలి. కట్టకపోతే అక్కడ తనిచ్చిన బయానా పోతుంది, ఫ్లాటు పోతుంది. మధ్యాహ్నానికల్లా ఆమె గొంతు తేలికపడింది. పక్కింటి పళ్ళ డాక్టరు ఆ ఇల్లు తానే కొంటానన్నాడట. సగం డబ్బు బయానా కిందే ఇచ్చేస్తాడట.

ఈ మాట చిన్నకోడలు చెప్పగానే తాళాలాయన ముఖం మారింది. గుత్తి తీసి బల్ల మీద విసిరాడు.

"చూశావా? నన్ను తప్పించే ఎత్తు ఇది, నాకు తెలుసు. పోయినేడు గోడౌను అమ్మినవాడూ కొన్నవాడూ చేసింది ఇదే. నా ముందు కొట్టుకున్నారు, తిట్టుకున్నారు, అగ్రిమెంటు చింపుకున్నారు. మూడు నెలలయ్యాక చూస్తే ఇద్దరూ కలిసి రిజిస్ట్రారు ఆఫీసులో నవ్వుకుంటూ వేలిముద్రలేస్తున్నారు. నాకు దక్కింది గుండు సున్నా!"

"వాళ్ళు చేశారని ఈవిడా చేస్తుందా బావగారూ? లోను నిజంగానే రాలేదు. బ్యాంకాయన నాతోనే చెప్పాడు. అయినా మీరు చూపించిన పార్టీ మళ్ళీ కొంటే నాలుగో షరతు ఉండనే ఉందిగా?"

"షరతు కాగితం మీదుంటుందమ్మా. అడగడానికి ఇంటికెళితే కుక్కను వదులుతారు." బీరువా దగ్గరికి నడిచి, ఫైలు తీశాడు. మూడో షరతు దగ్గర ఆయన వేలు ఆగింది. "ఇదేంటి? రెండూ ఉన్నాయి?"

ఆమె బల్ల కింది పిల్లను దగ్గరికి లాక్కుంది. "ఆ రోజు... పిల్ల గొంతులో మూత... కొట్టడం మర్చిపోయాను."

ఆయన తిట్టలేదు. తిట్టినా బావుండేది. కాగితం కేసి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అన్న మాట ఆమెకు చెప్పాలని అన్నట్టు లేదు, తనకు తాను చెప్పుకుంటున్నట్టుంది. "బయానా అయింది. అగ్రిమెంటు మీద సంతకాలయ్యాయి. ఈ వాక్యం ప్రకారం నా పని పూర్తయింది."

ఆ సాయంత్రమే టీచరమ్మకు ఉత్తరం వెళ్ళింది. మందుల షాపాయనతో కుదిరిన బేరానికి కమీషన్ ఇవ్వాలి. ఇంకా పదకొండు రోజుల గడువుంది కాబట్టి పళ్ళ డాక్టరుకు అమ్మితే దానికీ కమీషన్ ఇవ్వాలి. ఉత్తరం రాసింది చిన్నకోడలే. తన అందమైన అక్షరాలు తనకే పాముల్లా కనిపించాయి. జరగని బేరానికొకటి, తేని పార్టీకొకటి. ఒకే ఇంటికి రెండు కమీషన్లు!

టీచరమ్మ ఊరుకునే మనిషి కాదు. ఏజెంట్ల సంఘంలో ఫిర్యాదు ఇచ్చింది. విచారణ మూడో రోజు పదిన్నరకు.

విచారణ రోజు పొద్దున్న వంటింట్లో తోటికోడలు గిన్నెలు సర్దుతూ మెల్లగా కదిపింది. తాళాలాయన భార్యకు మాట కటువే గానీ మనసు చెడ్డది కాదు.

"నిన్నడుగుతారట కదా?"

"ఫారం నింపింది నేనే కదా అక్కా."

"ఏం చెబుతావ్?"

చిన్నకోడలు పిల్లకు అన్నం కలుపుతూ తల ఎత్తలేదు.

"అబద్ధం చెప్పమనట్లేదే. నాకు గుర్తులేదను. పిల్ల ప్రాణం మీదికొచ్చిన పూట ఏ తల్లికైనా ఏం గుర్తుంటుంది? ఎవరు కాదంటారు? మీ బావ రెండు నెలలు తిరిగాడు. ఆయన చెప్పులు చూశావా, అరిగి అప్పడాలైపోయాయి. ఆ సంఘంలో ఆయన అబద్ధాలకోరని తేలితే రేపెవరు ఇల్లు అప్పజెబుతారు? మనందరి కంచాలూ ఆ గుత్తికే వేలాడుతున్నాయి, నీదీ, నాదీ."

అందులో ఒక్క మాటా తప్పు కాదు. అదే ఆమెను తినేస్తున్నది. బావగారు దుర్మార్గుడైతే ఎంత హాయిగా ఉండేది! పిల్లకు జ్వరమొస్తే అర్ధరాత్రి స్కూటరు తీసేది ఆయన. ఆయన ఉప్పు తిని ఆయనకే ఎదురు చెప్పడమా? అటు చూస్తే టీచరమ్మ. ఆ నాలుగు చరుపులే లేకపోతే ఈ పూట ఈ ముద్ద ఎవరి నోట్లో పెట్టేది? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

భర్తకు ఫోను చేసింది. వెనక బస్సు ఇంజను రొద.

"గుర్తులేదని చెప్పనా?" అని అడిగింది.

"గుర్తుందా?"

"ప్రతి మాటా."

అటువైపు హారను గట్టిగా మోగింది. "అన్నయ్య మనల్ని పొమ్మన్నా నాకేం అభ్యంతరం లేదు. ఎక్కడికి పోతామన్నదే తెలీదు. నీ ఇష్టం" అని పెట్టేశాడు. ఎటూ కాని మాట. భర్తలకు ఇలాంటి మాటలు బాగా వచ్చు.

సంఘం ఆఫీసు ఒక పొడుగాటి గది. ఇనుప కుర్చీలు, ఒక ఫ్యాను, గోడకు పోయిన అధ్యక్షుల ఫోటోలు. ఇప్పటి అధ్యక్షుడు ఒకప్పుడు స్టాంపు పేపర్లు అమ్మినాయన. అందరూ స్టాంపుల తాత అంటారు. పళ్ళు లేవు గానీ మాట పళ్ళున్నట్టే కొరుకుతుంది. ఆయనకు ఒక పక్క తాళాలాయన, ఇంకో పక్క టీచరమ్మ కూర్చున్నారు. చిన్నకోడలు వెనక వరుసలో పిచ్చుకను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తాత రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. చదివి కళ్ళజోడు తీశాడు.

"నలభై ఏళ్ళుగా ఈ కాగితాలు చూస్తున్నాను. పెళ్ళికొడుకులిద్దరున్న శుభలేఖ ఇదే మొదటిసారి. ఏమయ్యా, బయానా అయితే పూర్తయినట్టా, రిజిస్ట్రేషన్ అయితే పూర్తయినట్టా?"

"కాగితంలో ఉన్నది ఉన్నట్టు చూడండి" అన్నాడు తాళాలాయన. "మొదటి వాక్యం ఉంది. సంతకం ఉంది. బయానా అయింది."

"రెండో వాక్యమూ ఉంది కదండీ!" టీచరమ్మ గొంతు లేచింది. "పిల్లలు జవాబు రెండు రకాలుగా రాసి, ఏది కరెక్టయితే దానికి మార్కులేసుకోండి టీచర్ అన్నట్టుంది ఈయన వాదన. మొదటిది కొట్టేయమన్నాను. కొట్టేస్తామన్నారు."

"నోటిమాటకు సాక్ష్యం?" అన్నాడు తాళాలాయన, ఎటో చూస్తూ.

తాత వెనక వరుస వైపు చూశాడు. "ఫారం నింపిన చేయి ఎవరిది?"

చిన్నకోడలు లేచింది. పిచ్చుక కిందికి జారి కొంగు పట్టుకుంది.

"చెప్పమ్మా. ఆ గదిలో ఏమన్నారు? మీ బావగారి ముఖం చూడక్కర్లేదు, ఈ అమ్మగారి ముఖమూ చూడక్కర్లేదు. ఆ ఫ్యాను వైపు చూసి చెప్పు."

నిజంగానే ఫ్యాను వైపు చూసింది. గుర్తులేదు, ఈ ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. గుర్తులేదంటే ఎవరి తప్పూ కాదు, పిల్ల గొంతులో ఇరుక్కున్న మూతదే తప్పు. కానీ గుర్తులేదని అనాలంటే ఆ క్షణాన్నే కాదనాలి. ఆ క్షణంలో ఆమె కూతురు మళ్ళీ ఊపిరి తీసింది. దాన్ని గుర్తులేదనడానికి నోరు రాలేదు.

"టీచరమ్మగారు మొదటి వాక్యం వద్దన్నారు. రిజిస్ట్రేషన్ కాకపోతే కమీషన్ లేదన్నారు. బావగారు అలాగే అన్నారు. కొట్టాల్సింది నేను. స్కేలు తీశాను. ఇంతలో మా పాపకు ఊపిరాడలేదు. నేనే మర్చిపోయాను."

తాత తాళాలాయన వైపు తిరిగాడు.

"అలాగే అన్నావా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గుత్తిలో తాళాలన్నీ ఒక్కొక్కటే వేలితో అవతలికి తోశాడు.

"అన్నాను" అన్నాడు చివరికి. "అన్నమాట నిజం. కానీ అందరూ నన్ను మోసం చేస్తుంటే, అడగబోతే కుక్కను వదులుతుంటే నేనొక్కణ్ణే అన్నమాట మీద నిలబడాలా?"

"ఆ, నిలబడాలి. లేకపోతే ఈ సంఘమెందుకు, టీ తాగడానికా?" తాత కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "మందుల షాపు బేరానికి రిజిస్ట్రేషన్ కాలేదు. కమీషన్ లేదు. రేపు ఆరు నెలల్లో వాళ్ళిద్దరూ దొంగచాటుగా కలిస్తే నాలుగో షరతు పట్టుకుని నా దగ్గరికి రా, వాళ్ళ మీదికి కుక్కను నేనే తెస్తాను."

టీచరమ్మ వెనక్కి తిరిగి చిన్నకోడలి వైపు చూసింది. ఆ చూపులో ఎంత చల్లదనముందో! తల్లి కూడా ఆమెను అలా చూసి చాలా ఏళ్ళయింది. చిన్నకోడలు కూర్చోబోయింది.

"అప్పుడే కూర్చోకు" అన్నాడు తాత. "రెండోదుంది. అమ్మగారూ, పళ్ళ డాక్టరుకు అమ్ముతున్నారట?"

"అవును. ఆయన్ను తెచ్చింది ఈ ఏజెంటు కాదు. గోడ మీంచి నేనే మాట్లాడుకున్నాను. నా ఇల్లు నేను అమ్ముకుంటే ఈయనకు కమీషనేమిటి? అలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు."

"రెండో షరతులో ఉంది కదమ్మా. పక్కన మీ పొట్టి సంతకం కూడా ఉంది."

"చిన్న అక్షరాలు. నాకు కళ్ళు సరిగా ఆనవు. ఎవరూ విడమర్చి చెప్పలేదు."

తాత మళ్ళీ చిన్నకోడలి వైపు తిరిగాడు. ఈసారి ఫ్యాను వైపు చూడమని చెప్పలేదు.

"చెప్పారా, లేదా?"

ఆమెకు ఇది తట్టనే లేదు. మూడు రోజులుగా ఒకే ప్రశ్నను తిప్పితిప్పి అరగదీసుకుంది. వెనకే ఇంకోటి నిలబడి ఉందని చూసుకోలేదు. టీచరమ్మ తనవైపే చూస్తోంది. ఆ చల్లదనం ఇంకా పోలేదు. ఇందాకటి మనిషే కదా, ఇప్పుడూ తన మేలే చెబుతుందన్న ధీమా ఉంది ఆ చూపులో.

"చదివి వినిపించాను" అంది చిన్నకోడలు. "నేనే పైకి చదివాను. యజమాని సొంతంగా తెచ్చుకున్నా కమీషన్ ఇవ్వాలని. మూడు నెలలేగా, నాకు సొంతంగా ఎవరు దొరుకుతారని అమ్మగారు నవ్వారు. నవ్వి సంతకం పెట్టారు."

టీచరమ్మ ముఖం మీద ఎవరో దీపం ఆర్పినట్టయింది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, తరగతిలో చివరి బెంచీకి కూడా వినపడేలా అంది.

"నీ కూతురి గొంతులోంచి ఆ మూత తీసింది నేనేనమ్మా."

చిన్నకోడలు తల వంచుకుని, రెండు చేతులూ జోడించింది. అది దణ్ణమో, క్షమాపణో ఆమెకే తెలీదు.

తాత గొంతు సవరించుకున్నాడు. "గడువులో బేరం కుదిరితే కమీషన్ ఈయనదే. ఒక్కటే కమీషన్, అదీ డాక్టరు పేర రిజిస్ట్రేషన్ అయిన రోజే. వద్దనుకుంటే పదకొండులో మూడు పోయాయి, ఇంకో ఎనిమిది రోజులాగి గడువు దాటాక అమ్ముకోండి. అప్పుడు పైసా ఇవ్వక్కర్లేదు."

"నా ఫ్లాటు డబ్బు కట్టాల్సింది ఆరు రోజుల్లో" అంది టీచరమ్మ.

"అయితే లెక్కల టీచరుగారికి నేను లెక్క చెప్పక్కర్లేదు. ఏమయ్యా, నువ్వూ విను. కమీషన్ తీసుకుంటున్నావు కాబట్టి ఊరికే కూర్చోవడం కుదరదు. డాక్టరుకు కాగితాలు చూపించడం, అగ్రిమెంటు రాయించడం, రిజిస్ట్రారు దగ్గర ఆవిడకు కుర్చీ వేయించడం, అన్నీ నీవే. ఆవిడ మెట్లెక్కిందని తెలిస్తే ఊరుకోను."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. లేచేటప్పుడు టీచరమ్మ కుర్చీ చేయి పట్టుకుని తడబడింది. చిన్నకోడలు పరుగున వెళ్ళి మోచేయి పట్టుకోబోతే, ఆమె విదిలించుకోలేదు గానీ, ఆ చేతిని తీసి పిచ్చుక తల మీద పెట్టింది. "దీన్ని చూసుకో" అని, గోడ ఆనుకుంటూ వెళ్ళిపోయింది.

బయట ఎండ చురుక్కుమంటోంది. తాళాలాయన స్కూటరు స్టార్టు చేసి, వెనక్కి చూడకుండా "ఎక్కు" అన్నాడు. పిల్లను ముందు నిలబెట్టుకున్నాడు. దారి పొడుగునా గుత్తి గలగలలే తప్ప మాట లేదు. ఆయన మెడ వెనక చెమట బొట్లు చూస్తూ కూర్చుంది చిన్నకోడలు. రేపటికి గది ఖాళీ చేయమంటాడు. ట్రంకుపెట్టె ఒకటి, పరుపు ఒకటి, పిల్ల బట్టల మూట. ఆటో ఒకటి చాలు. కానీ ఆటోవాడికి ఎక్కడికని చెప్పాలి? పుట్టింట్లో అన్నయ్యకే చోటు చాలదు. అప్పుడే పెట్టె సర్దేసింది, మనసులో.

ఇంటి ముందు స్కూటరు ఆపి ఆయన దిగలేదు.

"ఒక్క మాట అడుగుతాను" అన్నాడు. "నేను నీతో ముందే, నా వైపు చెప్పు అని అడిగుంటే చెప్పేదానివా?"

ఆయన నిజంగా అడగలేదు. అడగడానికి మూడు రోజులు టైముంది. అడగలేదు. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే తట్టింది.

"తెలీదు బావగారూ."

ఆయన తల ఊపాడు. "నాకూ తెలీదు, అందుకే అడగలేదు." పిల్లను దించాడు. "గది ఖాళీ చేయమంటానని చూస్తున్నావేమో. నేనంత చెడ్డవాణ్ణి కాదు. ఆఫీసుకు రావద్దనీ అనను. కానీ సంఘంలో పదిమంది ముందు నా ముఖాన నిజం పడింది. దాన్ని కడుక్కోవడానికి నాకు కొన్నాళ్ళు పడుతుంది. అప్పటిదాకా నేను మాట్లాడకపోతే ఏమీ అనుకోకు."

"తప్పు నాదే కదా బావగారూ. గీత కొట్టుంటే ఇదంతా..."

"గీత నీదే. 'అలాగే' అన్నది నేను." అని స్కూటరు తిప్పుకుని ఆఫీసు వైపు వెళ్ళిపోయాడు. మలుపు తిరిగాక కూడా తాళాల చప్పుడు కాసేపు వినిపించింది.

ఆమె పిల్లను ఎత్తుకుని నిలబడింది. మేడమీదికి పక్క నుంచి వేరే మెట్లున్నాయి. అటు వెళితే ఎవరికీ ముఖం చూపించక్కర్లేదు. ముందు గదిలో తోటికోడలు కూర్చుని ఉంటుంది, ఏమైందని అడుగుతుంది, చెప్పాలి. చెప్పాక ఆ కటువు మాటలన్నీ పడాలి. పడ్డాక అదే వంటింట్లో అదే పొయ్యి ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడాలి. రేపూ, ఎల్లుండీ, ఎన్నాళ్ళో.

"అమ్మా, పెదనాన్నకు కోపమొచ్చిందా?" అంది పిచ్చుక.

"వచ్చింది."

"మన మీదా?"

చిన్నకోడలు పిల్ల గొంతు దగ్గర వేలితో మెల్లగా తడిమింది. ఆ మెడ కింద ఊపిరి వెచ్చగా, తేలిగ్గా ఆడుతోంది. జవాబు చెప్పకుండా ముందు గది తలుపు తోసింది.